పక్క ట్రేస్ నుంచి వచ్చే క్రాస్‌టాక్: కెపాసిటివా, ఇండక్టివా తేల్చుకుని సరిచేయడం ఎలా

"పుల్-అప్ రెసిస్టర్ తగ్గించినా తప్పుడు ఇంటరప్ట్‌లు ఆగడం లేదు", "క్లాక్ స్పీడ్ తగ్గించినా అంతే", "మూడు వెడల్పుల దూరం ఇచ్చినా నాయిస్ పోలేదు". ఈ మూడు ప్రశ్నలూ మళ్లీ మళ్లీ వస్తున్నాయి. మూడింటికీ మూలం ఒకటే: ఏ కప్లింగ్ వల్ల నాయిస్ వస్తోందో చూడకుండా మందు వేయడం. కెపాసిటివ్ కప్లింగ్‌కి పనిచేసే మందు ఇండక్టివ్ కప్లింగ్‌కి పనిచేయకపోవచ్చు.

అందుకే ఒకే ఒక బోర్డును తీసుకుని మొదటి నుంచి చివరి దాకా లెక్క చేద్దాం. అది నా బెంచి మీదే చాలా రోజులు టెన్షన్ పెట్టిన బోర్డు.

## 1. మనం చూసే బోర్డు

రెండు లేయర్ల ఎఫ్‌ఆర్4 బోర్డు, మందం 1.6 మి.మీ. పైన ట్రేస్‌లు, కింద గ్రౌండ్. మధ్యలో ఇన్సులేషన్ సుమారు 1.5 మి.మీ.

ఒక మైక్రోకంట్రోలర్ నుంచి సెన్సర్ దాకా 100 మి.మీ. పొడవున మూడు ట్రేస్‌లు పక్కపక్కన వెళ్తున్నాయి. ఒక అంచున ఎస్‌పీఐ క్లాక్, రెండో అంచున మైక్రోకంట్రోలర్ నుంచి సెన్సర్‌కి వెళ్లే డేటా, ఈ రెండింటి మధ్యలో ఇంటరప్ట్ లైన్. ట్రేస్ వెడల్పు 0.2 మి.మీ., ఖాళీ 0.2 మి.మీ. అంటే ఒక ట్రేస్ మధ్య నుంచి పక్క ట్రేస్ మధ్యకు 0.4 మి.మీ.

వోల్టేజీ 3.3 వోల్టులు. క్లాక్ 1 మెగాహెర్ట్జ్ మాత్రమే, కానీ దాని అంచు 2 నానోసెకన్లలో మారిపోతుంది. ఇంటరప్ట్ లైన్‌ను 10 కిలోఓమ్‌ల పుల్-అప్ పైకి పట్టుకుని ఉంటుంది. సెన్సర్ దాన్ని కిందికి లాగితేనే ఇంటరప్ట్.

గోల చేసే ట్రేస్‌ను అగ్రెసర్ అనీ, దెబ్బ తినే ట్రేస్‌ను విక్టిమ్ అనీ అంటారు. ఇక్కడ క్లాక్, డేటా రెండూ అగ్రెసర్లు. ఇంటరప్ట్ లైన్ విక్టిమ్.

## 2. కొలిచే ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

క్రాస్‌టాక్ అనుకుని వారం రోజులు వెతికాక అది ప్రోబ్ గ్రౌండ్ వైరు చేసిన గోల అని తేలిన సందర్భాలు ఉన్నాయి. ప్రోబ్‌తో వచ్చే పొడవాటి మొసలి క్లిప్పు వైరు ఒక పెద్ద లూప్. పక్కన మారే ప్రతి కరెంటూ అందులో వోల్టేజీ పుట్టిస్తుంది.

స్కోప్ బ్యాండ్‌విడ్త్ కూడా చూసుకోండి. 100 మెగాహెర్ట్జ్ స్కోప్ సొంత రైజ్ టైమే సుమారు 3.5 నానోసెకన్లు. 2 నానోసెకన్ల అంచులో వచ్చే సన్నటి ముల్లు దాని మీద మొద్దుబారి, చిన్నదిగా కనిపిస్తుంది.

మొదలుపెట్టే ముందు సరిచూసుకోండి:

- ప్రోబ్ కొనకు చిన్న గ్రౌండ్ స్ప్రింగ్ తగిలించారా?
- ప్రోబ్ ×10 లో ఉందా?
- ప్రోబ్ కొననూ స్ప్రింగ్‌నూ రెండింటినీ ఒకే గ్రౌండ్ ప్యాడ్ మీద ఆనించి చూశారా? అప్పుడూ ముల్లు కనిపిస్తే అందులో ఆ మేరకు మీ ప్రోబ్‌దే.
- స్కోప్ ట్రిగర్ క్లాక్ మీద పెట్టారా? విక్టిమ్ మీద పెడితే ఏ అంచుకు ముల్లు వస్తోందో తెలియదు.
- ప్రోబ్ కెపాసిటెన్స్ ఎంతో రాసుకున్నారా? సాధారణ ×10 ప్రోబ్ 10 పికోఫారడ్‌ల పైచిలుకు ఉంటుంది. హై ఇంపీడెన్స్ విక్టిమ్ మీద అది పెట్టగానే నాయిస్ తగ్గిపోతుంది. "ప్రోబ్ పెడితే బాగా పనిచేస్తోంది" అన్న బోర్డుల రహస్యం చాలాసార్లు ఇదే.

## 3. కెపాసిటివ్ భాగాన్ని లెక్కగట్టండి

పక్కపక్కన ఉన్న రెండు రాగి గీతలు ఒక చిన్న కెపాసిటర్. అగ్రెసర్ వోల్టేజీ మారుతున్నంతసేపూ ఆ కెపాసిటర్ గుండా విక్టిమ్‌లోకి కరెంటు తోసుకొస్తుంది.

```
I = Cm × dV/dt
```

మన కొలతలకు Cm మిల్లీమీటరుకు సుమారు 0.025 పికోఫారడ్. 100 మి.మీ.కి 2.5 పికోఫారడ్‌లు. చాలా చిన్నది అనిపిస్తుంది. కానీ విక్టిమ్ మొత్తం కెపాసిటెన్స్ కూడా చిన్నదే: రెండు చివర్లలో పిన్నులు చెరో 5, గ్రౌండ్‌కి 1.5, రెండు పక్కల అగ్రెసర్లకు చెరో 2.5. మొత్తం 16.5 పికోఫారడ్‌లు.

పుల్-అప్ ఏమైనా ఆపుతుందా? 10 కిలోఓమ్‌లు, 16.5 పికోఫారడ్‌లు కలిపితే టైమ్ కాన్‌స్టంట్ 165 నానోసెకన్లు. అంచు 2 నానోసెకన్లలో అయిపోతుంది. రెసిస్టర్ కదిలేలోపే దెబ్బ పడిపోతుంది. కాబట్టి ఆ 2 నానోసెకన్లకూ రెసిస్టర్ లేనట్టే లెక్క, మిగిలేది కెపాసిటర్ల పంపకం ఒక్కటే:

```
dV = 3.3 × 2.5 / 16.5 = 0.5 V
```

ఒక్కో అగ్రెసర్ అర వోల్టు కిందికి లాగుతుంది. రెండూ ఒకేసారి పడితే 1 వోల్టు. ఆ తర్వాత పుల్-అప్ మెల్లగా పైకి తెస్తుంది. స్కోప్ మీద ఇది నిలువుగా పడి, నెమ్మదిగా లేచే మెట్టులా కనిపిస్తుంది.

ఈ పంపకం లెక్కలో అంచు వేగం ఎక్కడా లేదు. ఇది గుర్తుంచుకోండి, 7వ విభాగంలో అవసరం పడుతుంది.

## 4. ఇండక్టివ్ భాగాన్ని లెక్కగట్టండి

అగ్రెసర్‌లో కరెంటు వెళ్తుంది, కింద గ్రౌండ్‌లో తిరిగి వస్తుంది. అది ఒక లూప్. విక్టిమ్‌కీ అలాంటి లూపే ఉంది. మొదటి లూప్ మాగ్నెటిక్ ఫీల్డ్ రెండో లూప్ గుండా వెళ్తే, కరెంటు మారినప్పుడల్లా విక్టిమ్‌లో వోల్టేజీ పుడుతుంది.

```
V = Lm × dI/dt
Lm = 0.1 × ln(1 + (2h/d)²)    nH/mm
```

ఇందులో h అంటే గ్రౌండ్ మీద నుంచి ట్రేస్ ఎత్తు, d అంటే ట్రేస్‌ల మధ్య నుంచి మధ్యకు దూరం. కింద గ్రౌండ్ తెగకుండా ఉంటేనే ఈ సూత్రం వర్తిస్తుంది.

మన బోర్డులో h 1.5, d 0.4. Lm మిల్లీమీటరుకు 0.4 నానోహెన్రీ, 100 మి.మీ.కి 40 నానోహెన్రీలు.

క్లాక్ ట్రేస్, సెన్సర్ పిన్ను కలిసి 15 పికోఫారడ్‌ల దాకా లోడ్. దాన్ని 2 నానోసెకన్లలో 3.3 వోల్టులు మార్చాలంటే డ్రైవర్ దగ్గర సుమారు 25 మిల్లీఆంపియర్లు కావాలి. ట్రేస్ పొడవునా సగటున 20 అనుకుందాం. ఈ కరెంటు అంచు మొదటి సగంలో, అంటే 1 నానోసెకనులో పెరిగి, రెండో సగంలో పడిపోతుంది.

```
V = 40 nH × 20 mA / 1 ns = 0.8 V
```

ఈ 0.8 వోల్టులు విక్టిమ్ రెండు చివర్ల మధ్య పుడతాయి. రెండు చివర్లూ సమానంగా తేలుతున్నాయి కాబట్టి ఒక చివరన కిందికి 0.4, ఇంకో చివరన పైకి 0.4. అంచు రెండో సగంలో ఇది తిరగబడుతుంది. స్కోప్ మీద ఇది అంచుతో పాటే వచ్చి పోయే, కిందికీ పైకీ కొట్టే ముల్లు. దీనికి తోక ఉండదు.

## 5. రెండూ ఎక్కడ కలుస్తాయో చూడండి

కెపాసిటివ్ భాగం విక్టిమ్ రెండు చివర్లనూ ఒకే వైపు లాగుతుంది. ఇండక్టివ్ భాగం రెండు చివర్లనూ ఎదురెదురు వైపులకు లాగుతుంది. అందుకని అగ్రెసర్ డ్రైవర్ ఉన్న చివర, అంటే దగ్గరి చివర, రెండూ కూడుకుంటాయి. దూరపు చివర ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి.

మన బోర్డులో క్లాక్‌ను నడిపేది మైక్రోకంట్రోలర్. ఇంటరప్ట్‌ను వినేదీ మైక్రోకంట్రోలరే. వినాల్సిన చెవి సరిగ్గా చెడ్డ చివరనే ఉంది.

అంచు సగంలో లెక్క ఇలా ఉంటుంది. కెపాసిటివ్ మెట్టు అప్పటికి సగమే పడింది, 0.25. ఇండక్టివ్ ముల్లు 0.4. మొత్తం 0.65. రెండు అగ్రెసర్లూ కలిస్తే 1.3 వోల్టులు. లైన్ 3.3 నుంచి 2.0కి పడిపోతుంది. చాలా 3.3 వోల్టుల మైక్రోకంట్రోలర్లు సరఫరాలో 70 శాతం పైన, అంటే 2.31 పైన ఉంటేనే "హై" అని గ్యారంటీ ఇస్తాయి. 2.0 దగ్గర ఒక చిప్ ఊరుకుంటుంది, ఇంకోటి ఇంటరప్ట్ అనుకుంటుంది. ఒకే డిజైన్‌లో కొన్ని బోర్డులు బాగుండి కొన్ని తప్పడం ఇలా వస్తుంది.

నన్ను ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇంకో విషయం. ఎస్‌పీఐ మోడ్ 0లో డేటా మారేది క్లాక్ పడే అంచు దగ్గరే. డేటా కూడా అదే సమయానికి పడితే రెండు దెబ్బలూ కూడతాయి. డేటా పైకి లేస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. డేటా మారకపోతే క్లాక్ దెబ్బ ఒక్కటే. అందుకే `0x00` పంపితే గంటల తరబడి ఏ తప్పూ రాలేదు. `0xAA` పంపగానే వరసగా తప్పుడు ఇంటరప్ట్‌లు. సాఫ్ట్‌వేర్ బగ్ అనుకుని కోడ్ అంతా వెతికాను.

మీ బోర్డులోనూ తప్పు డేటాను బట్టి వస్తుంటే, కోడ్ కన్నా ముందు ఈ మూడు గీతలను చూడండి.

## 6. ఏ కప్లింగో బెంచి మీద తేల్చండి

1. విక్టిమ్ రెండు చివర్లలో రెండు ప్రోబ్‌లు పెట్టండి. రెండూ ఒకే రకం ప్రోబ్‌లై ఉండాలి.
2. డేటాను `0x00` దగ్గర ఆపి, క్లాక్ ఒక్కదాన్నే నడపండి.
3. స్కోప్ మ్యాథ్‌లో రెండు ఛానెళ్లను కూడి సగం చేయండి. అది కెపాసిటివ్ భాగం.
4. రెండింటి తేడాను సగం చేయండి. అది ఇండక్టివ్ భాగం.
5. క్లాక్ ఫ్రీక్వెన్సీని సగం చేసి మళ్లీ చూడండి. ముల్లు లోతు మారదు, ఎన్నిసార్లు వస్తుందన్నదే మారుతుంది. రెండో ప్రశ్నకు జవాబు ఇదే. మారితే మీది క్రాస్‌టాక్ కాకపోవచ్చు, సరఫరా లైన్ చూడండి.

ఈ కూడిక, తీసివేత విక్టిమ్ రెండు చివర్లూ ఒకేలా ఉన్నప్పుడే సరిగ్గా వస్తాయి. ఒక చివర గట్టి డ్రైవర్ ఉంటే కథ మారుతుంది. సెన్సర్ నుంచి మైక్రోకంట్రోలర్‌కి వచ్చే డేటా లైన్ అలాంటిదే. సెన్సర్ డ్రైవర్ 40 ఓమ్‌లు అనుకుంటే, ఒక అగ్రెసర్ నుంచి వచ్చే సుమారు 4 మిల్లీఆంపియర్ల కెపాసిటివ్ కరెంటు అక్కడ 0.16 వోల్టులే చేస్తుంది. ఇండక్టివ్ వోల్టేజీలో మాత్రం దాదాపు అంతా, 0.8 వోల్టుల దాకా, తేలుతున్న రెండో చివర కనిపిస్తుంది.

కాబట్టి ఒక మోటు గుర్తు: విక్టిమ్‌ను పుల్-అప్ మాత్రమే పట్టుకుని ఉంటే కెపాసిటివ్ మీద ముందు అనుమానం, గట్టి డ్రైవర్ పట్టుకుని ఉంటే ఇండక్టివ్ మీద.

అయితే అలాంటి డేటా లైన్ మీద అంచు దగ్గర వచ్చే ముల్లు, శాంపిల్ చేసే సమయానికి పోతే నష్టం లేదు. ఏ క్షణంలో ముల్లు వచ్చినా దెబ్బ తినేవి రీసెట్, ఇంటరప్ట్, క్లాక్ లైన్లు. ముందు వాటినే కాపాడండి.

## 7. తయారైన బోర్డును సరిచేయడం

పుల్-అప్ తగ్గించడం. 10 నుంచి 1 కిలోఓమ్‌కి మారిస్తే టైమ్ కాన్‌స్టంట్ 16.5 నానోసెకన్లు. 2 నానోసెకన్ల అంచు ముందు అదీ ఎక్కువే. లోతు దాదాపు అలాగే ఉంటుంది, తోక మాత్రం కురచ అవుతుంది. మొదటి ప్రశ్నకు జవాబు ఇదే.

అంచు నెమ్మది చేయడం. మైక్రోకంట్రోలర్ పిన్ను వేగం తగ్గించవచ్చు. ఎస్‌టీఎం32లో అయితే:

```c
GPIO_InitStruct.Speed = GPIO_SPEED_FREQ_LOW;
```

అంచు 2 నుంచి 20 నానోసెకన్లకు పెరిగిందనుకోండి. కరెంటు పది రెట్లు తగ్గుతుంది, అది మారడానికి పట్టే సమయం పది రెట్లు పెరుగుతుంది. ఇండక్టివ్ ముల్లు వంద రెట్లు తగ్గి, కనిపించకుండా పోతుంది.

కానీ కెపాసిటివ్ మెట్టు 10 కిలోఓమ్‌ల పుల్-అప్‌తో దాదాపు అలాగే ఉంటుంది, ఎందుకంటే 20 నానోసెకన్లు కూడా 165 ముందు చిన్నవే. అంచు నెమ్మది చేసి పుల్-అప్ కూడా 1 కిలోఓమ్ చేస్తే రెండు అగ్రెసర్ల మెట్టు 1 వోల్టు నుంచి 0.6కి దిగుతుంది. రెండూ కలిపితేనే ఈ మెట్టు తగ్గుతుంది, విడివిడిగా చేస్తే తగ్గదు.

క్లాక్ అంచు ఎంత నెమ్మదిగా ఉండొచ్చో సెన్సర్ డేటాషీట్‌లో చూసుకున్నాకే ఇది చేయండి. మరీ నెమ్మదైతే ఒక అంచును సెన్సర్ రెండుగా లెక్కపెట్టే ప్రమాదం ఉంది.

వినే పిన్ను దగ్గర కెపాసిటర్. ఇంటరప్ట్ లాంటి నెమ్మది లైన్‌కి నేను ముందు వేసే మందు ఇదే. మైక్రోకంట్రోలర్ పిన్ను పక్కనే 100 పికోఫారడ్‌లు పెడితే ఒక్కో అగ్రెసర్ మెట్టు అర వోల్టు నుంచి 0.07కి పడిపోతుంది. ఇండక్టివ్ వోల్టేజీ కూడా ఎక్కువ భాగం చిన్న కెపాసిటెన్స్ ఉన్న సెన్సర్ చివరకు జరిగిపోతుంది. ఆ చివర ఎవరూ వినరు.

ఖర్చు ఒకటుంది: 10 కిలోఓమ్‌లతో లైన్ పైకి లేవడానికి సుమారు 2 మైక్రోసెకన్లు పడుతుంది. ఇంటరప్ట్‌కి అది సాధారణంగా సమస్య కాదు. కెపాసిటర్‌ను సెన్సర్ వైపు పెట్టకండి. అలా పెడితే ఇండక్టివ్ ముల్లు అంతా మైక్రోకంట్రోలర్ వైపుకే వస్తుంది.

## 8. తర్వాతి బోర్డును సరిగ్గా గీయడం

ఇక మూడో ప్రశ్న, మూడు వెడల్పుల దూరం. 4వ విభాగంలోని సూత్రంతో చూద్దాం.

| గ్రౌండ్ ఎత్తు | మధ్య నుంచి మధ్యకు | Lm, nH/mm |
|---|---|---|
| 1.5 మి.మీ. | 0.4 మి.మీ. | 0.40 |
| 1.5 మి.మీ. | 0.6 మి.మీ. | 0.33 |
| 1.5 మి.మీ. | 1.2 మి.మీ. | 0.20 |
| 0.2 మి.మీ. | 0.4 మి.మీ. | 0.07 |
| 0.2 మి.మీ. | 0.6 మి.మీ. | 0.04 |

మన రెండు లేయర్ల బోర్డులో మూడు వెడల్పులు అంటే 0.6 మి.మీ. ఇండక్టివ్ కప్లింగ్ ఐదో వంతు కూడా తగ్గలేదు. అదే దూరం నాలుగు లేయర్ల బోర్డులో, గ్రౌండ్ 0.2 మి.మీ. కింద ఉంటే, పదో వంతుకు దిగింది. దూరాన్ని ట్రేస్ వెడల్పుతో కాదు, గ్రౌండ్ ఎత్తుతో కొలవాలి. నాలుగు లేయర్లకు వెళ్లే వీలుంటే దూరం గురించి కుస్తీ పట్టేకన్నా అదే చేయండి.

రెండు లేయర్లతోనే సరిపెట్టుకోవాలంటే వరస మార్చండి. ఇంటరప్ట్‌ను మధ్యలోంచి తీసి, వేరే దారిలో పంపండి. తప్పక పక్కన వెళ్లాల్సి వస్తే మధ్యలో గ్రౌండ్ ట్రేస్ గీసి, రెండు చివర్లలోనూ దారి పొడవునా వియాలతో కింది గ్రౌండ్‌కి కుట్టండి. వియాలు లేకుండా తేలుతున్న గ్రౌండ్ ట్రేస్ నాయిస్‌ను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మోసుకుపోతుంది.

కైక్యాడ్ వాడేవాళ్లు దూరాన్ని రూల్‌గా రాసిపెట్టుకోవచ్చు:

```
(version 1)
(rule "irq_sck"
  (constraint clearance (min 1.2mm))
  (condition "A.NetName == '/IRQ' && B.NetName == '/SCK'"))
```

నెట్ పేర్లు మీ స్కీమాటిక్‌లో ఉన్నట్టే రాయండి. చిప్ పిన్నులు పక్కపక్కన ఉన్నచోట ఇది ఎర్రర్ చూపిస్తుంది. ఆ రెండు మూడు మిల్లీమీటర్లను వదిలేయండి, 100 మి.మీ. సంగతి ముఖ్యం.

గెర్బర్ ఫైళ్లు పంపే ముందు:

- క్లాక్ పక్కన రీసెట్, ఇంటరప్ట్ లైన్లు సమాంతరంగా ఎంత పొడవు వెళ్తున్నాయి?
- ఏ నెమ్మది లైన్ అయినా రెండు వేగవంతమైన లైన్ల మధ్య ఇరుక్కుందా?
- ఆ ట్రేస్‌ల కింద గ్రౌండ్ తెగిందా? తెగితే అన్ని ట్రేస్‌ల తిరుగు కరెంటూ ఆ చీలిక చుట్టూ ఒకే దారిలో తిరుగుతుంది, పై లెక్కలేవీ పనిచేయవు.
- క్లాక్ డ్రైవర్ పక్కన సిరీస్ రెసిస్టర్‌కి చోటు ఉందా? ఇప్పటికి 33 ఓమ్‌లు పెట్టి, కొలిచాక మార్చుకోవచ్చు.
- రీసెట్, ఇంటరప్ట్ పిన్నుల పక్కనే ఖాళీ కెపాసిటర్ ప్యాడ్లు గీశారా?

## 9. సరిచేశాక పరీక్ష

`0xAA` పంపిస్తూనే ఉండండి. సెన్సర్ నుంచి నిజమైన ఇంటరప్ట్ రాకుండా ఆపి, మైక్రోకంట్రోలర్‌లో ఇంటరప్ట్ కౌంటర్ పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున కౌంటర్ సున్నా ఉండాలి.

సున్నా ఒక్కటే చూసి ఊరుకోకుండా, ముల్లు ఎంత మిగిలిందో దగ్గరి చివర కొలవండి. ప్రోబ్ కెపాసిటెన్స్ వల్ల అసలుకన్నా కొంచెం తక్కువే కనిపిస్తుందని గుర్తుంచుకోండి. 100 పికోఫారడ్‌లు పెట్టాక మా బోర్డులో లైన్ 3.1 వోల్టుల కిందికి దిగలేదు. 2.31కి అది చాలా దూరం, అప్పుడే ఆ బోర్డు ఫైలు మూసేశాను.